నిచ్చెనలో కాళ్ళు, మైదానంలో కళ్ళు

సాయంత్రం చివరి గంట కొట్టగానే పీఈటీ సారు గదిలోంచి మొదట బయటికొచ్చేది బంతి కాదు, పసుపుపచ్చ పట్టీల ల్యాడర్. రెండు తాళ్ళ మధ్య ప్లాస్టిక్ పట్టీలు బిగించిన ఈ నిచ్చెనని గోడకి ఆనించరు, నేల మీద పరుస్తారు. పిల్లలు వరసగా నిలబడి, గడిలో రెండు కాళ్ళూ పెట్టి తీస్తూ ఒక్కొక్కరే దాటిపోతారు. ఒకసారి నిటారుగా వెళ్తారు, ఒకసారి పక్కవాటుగా, మరోసారి రెండు అడుగులు లోపల, ఒకటి బయట.

నేను చూసిన ఒక బడి జట్టులో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు దీనిలో ఆరితేరాడు. వాడి కాళ్ళు కుట్టుమిషను సూదిలా ఆడేవి. పట్టీ ఒక్కటి కూడా కదిలేది కాదు. పక్క బడి పిల్లలు కూడా ఆగి చూసేవారు. మర్నాటి మ్యాచ్‌లో వాణ్ణి రైట్ బ్యాక్‌గా దించారు. అవతలి వింగర్ బంతితో మీదికొచ్చి, లోపలికి వెళ్తున్నట్టు భుజం వంచి, బయటికి తన్నుకుని పోయాడు. మన వాడు లోపలి వైపు ఒరిగి, తిరిగి నిలదొక్కుకునేసరికి మూడు గజాలు వెనకబడ్డాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు ఇలాగే జరిగింది. ఆట అయ్యాక సారు అన్న మాట: "ఒరేయ్, నీ కాళ్ళు ఇవాళ బరువెక్కాయి. రేపట్నించి ల్యాడర్ ఇంకో పది నిమిషాలు."

ఆ పది నిమిషాల వల్ల ఏమైనా ఒరుగుతుందా అన్నదే ఈ అధ్యాయం.

ముందు చిన్న లెక్క. బజారులో దొరికే ల్యాడర్లు రకరకాల పొడవుల్లో ఉంటాయి. లెక్క సులువుగా ఉండటానికి నాలుగున్నర మీటర్లు, పది గడులు అనుకుందాం. ఒక్కో గడి 45 సెంటీమీటర్లు. గడికి రెండు అడుగుల చొప్పున ఇరవై అడుగులు. చురుకైన కుర్రాడు దాన్ని నాలుగు సెకన్లలో దాటితే సెకనుకి ఐదు అడుగులు వేసినట్టు. పూర్తి వేగంతో పరుగెత్తే పద్నాలుగేళ్ళ పిల్లవాడైనా సెకనుకి వేసేది నాలుగు అడుగులు, కాస్త అటూ ఇటూ. అంటే ల్యాడర్‌లో కాళ్ళు పరుగులో కన్నా వేగంగా ఆడుతున్నాయి. చూసేవాళ్ళని ముగ్ధుల్ని చేసేది ఇదే.

ఇప్పుడు కాళ్ళని వదిలేసి నడుముని చూడండి. నాలుగు సెకన్లలో నాలుగున్నర మీటర్లంటే సెకనుకి ఒక మీటరు చిల్లర. సంచీ భుజాన వేసుకుని ఇంటికి నడిచే పిల్లవాడి వేగం దాదాపు అంతే. మ్యాచ్‌లో బంతి వెంట పడ్డప్పుడు అదే కుర్రాడు సెకనుకి ఆరేడు మీటర్లు కదులుతాడు, ఒక్కో అడుగులో ఒకటిన్నర మీటరు పైగా నేల దాటుతాడు. ల్యాడర్‌లో కాళ్ళు పరుగెడుతున్నాయి కానీ ఒళ్ళు నడుస్తోంది. ఫుట్‌బాల్‌లో గోల్ దగ్గరికి చేరాల్సింది ఒళ్ళు.

పరుగులో వేగం కాళ్ళు చకచకా ఆడించడం వల్ల వస్తుందనే నమ్మకం చాలా పాతది. అమెరికాలో పీటర్ వేయాండ్, ఆయన సహచరులు 2000లో దీన్ని ట్రెడ్‌మిల్ మీద పరీక్షించారు. మామూలు వేగం ఉన్నవాళ్ళ నుంచి బాగా వేగంగా పరుగెత్తేవాళ్ళ దాకా 33 మందిని పూర్తి వేగంతో పరుగెత్తించి, పాదం నేలని ఎంత బలంగా నొక్కుతోందో, నేల వదిలిన కాలు ముందుకి రావడానికి ఎంతసేపు పడుతోందో కొలిచారు. కాలు ముందుకి వచ్చే సమయంలో నిదానస్తుడికీ వేగస్తుడికీ పెద్ద తేడా కనబడలేదు. తేడా నేల దగ్గర ఉంది. వేగంగా పరుగెత్తేవాడు పాదం నేలని తాకిన ఆ కాస్త వ్యవధిలోనే ఎక్కువ బలంతో నేలని తన్నుతున్నాడు. ల్యాడర్‌లో పట్టీ కదలకూడదు కాబట్టి పిల్లవాడు నేర్చుకునేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: పాదాన్ని ఆనీ ఆనకుండా పెట్టి తీసెయ్యడం.

బలం అసలు అవసరం పడేది ఆగేటప్పుడు. ఫుట్‌బాల్ తిన్నగా పరుగెత్తే ఆట కాదు. బ్లూమ్‌ఫీల్డ్, పోల్మన్, ఓడొనహ్యూ 2007లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ళ కదలికలని వీడియోలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ఒక్కో ఆటగాడు మ్యాచ్‌లో సగటున ఏడు వందలకి పైగా మలుపులు తిరిగాడు. వాటిలో ఎక్కువ భాగం 90 డిగ్రీల లోపువే. ఏడు వందలన్న అంకె చూడగానే ల్యాడర్ అమ్మేవాడు సంతోషిస్తాడు. కానీ ఆ మలుపులో ఏం జరుగుతుందో చూడాలి.

నలభై ఐదు కిలోల పిల్లవాడు సెకనుకి ఐదు మీటర్ల వేగంతో వస్తున్నాడు. వింగర్ వెనక్కి తిరిగాడు, వీడూ ఆగి తిరగాలి. ఆ ఆగడం రెండు అడుగుల్లో అయిపోవాలి, ఒక్కో అడుగు నేల మీద ఉండేది సెకనులో ఐదో వంతు. 45ని ఐదుతో హెచ్చించి, 0.4తో భాగిస్తే సుమారు 560 న్యూటన్లు. వాడి బరువు 440 న్యూటన్లు. అంటే తన బరువు కన్నా పావు వంతు ఎక్కువ బలంతో నేలని ముందుకి నెట్టాలి. నిలబడి ఉండటానికి కిందికి నొక్కే బలం దీనికి అదనం. ఈ పని చాలావరకు చివరి అడుగులో కాదు, దానికి ముందు అడుగులోనే జరగాలి. ఆ అడుగులో నడుము దిగాలి, మోకాలు మడవాలి, మడమ నేలలోకి తన్నిపట్టాలి. చివరి అడుగు పక్కకి వేసి తోసుకోవడానికే. ముందు అడుగులో బ్రేకు వెయ్యనివాడు చివరి అడుగులో అంతా ఒకేసారి వెయ్యబోయి జారతాడు, లేదా పెద్ద వంపు తిరుగుతాడు. మైదానం పక్కన నిలబడి చూస్తే ఈ తప్పు ఇట్టే తెలుస్తుంది: మలుపు దగ్గర వాడి తల కిందికి దిగదు, టపటపమని నాలుగైదు చిన్న అడుగులు పడతాయి. ఆ చిన్న అడుగులు చూసి "కాళ్ళు భలే ఆడుతున్నాయి" అని మెచ్చుకున్నవాళ్ళని నేను చూశాను.

ల్యాడర్‌లో బ్రేకే లేదు. మొదటి గడి నుంచి చివరి గడి దాకా వేగం దాదాపు ఒకటే. ఆగడానికి కావలసిన తొడ బలానికి, నడుము దించే అలవాటుకి అక్కడ పని తగలదు.

ఇంతకన్నా పెద్ద లోటు కళ్ళది. ఆస్ట్రేలియాలో పనిచేసిన జెరెమీ షెపర్డ్, వారెన్ యంగ్ 2006లో అజిలిటీ అన్న మాటకి ఒక నిర్వచనం ఇచ్చారు. ఇప్పటికీ ఈ రంగంలో అందరూ దాన్నే తిప్పి తిప్పి చెబుతుంటారు. ఏదో ఒక సంకేతానికి స్పందనగా ఒళ్ళంతా వేగాన్నో దిశనో చటుక్కున మార్చుకోవడం అజిలిటీ. ఇందులో కీలకం సంకేతం. ఎటు తిరగాలో ముందే తెలిసి తిరిగితే దానికి వాళ్ళు పెట్టిన పేరు వేరు, అది దిశ మార్చే వేగం మాత్రమే.

ఈ తేడా అర్థం కావడానికి మనకి ఆస్ట్రేలియా దాకా వెళ్ళే పని లేదు. తొక్కుడు బిళ్ళ ఆడిన పిల్లకి గడులు తెలుసు, ఏ గడిలో ఒంటికాలో, ఎక్కడ రెండు కాళ్ళో తెలుసు. గడులు ఆమెని మోసం చెయ్యవు. కబడ్డీలో కూతకెళ్ళినవాడికి ఏదీ ముందు తెలియదు. అటు మూల నుంచి ఒకడు చీలమండకి దూకుతాడు, ఇటు నుంచి ఇద్దరు గొలుసు కడతారు. ఎదుటివాడి భుజం, తుంటి, చూపు చదివి ఒళ్ళు తిప్పాలి. ల్యాడర్ ప్లాస్టిక్ పట్టీలతో చేసిన తొక్కుడు బిళ్ళ. ఫుట్‌బాల్ ఈ విషయంలో కబడ్డీకి చుట్టం.

2006లోనే షెపర్డ్ బృందం దీన్ని కొలిచి చూపించింది. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళని రెండు గుంపులుగా తీసుకున్నారు, ఒకటి మేటి, మరొకటి ఒక మెట్టు కింద. మూడు పరీక్షలు పెట్టారు: తిన్నటి పరుగు, ముందే చెప్పిన మలుపుతో పరుగు, ఎదురుగా మనిషి నిలబడ్డ పరుగు. మూడో పరీక్షలో ఎదుటి మనిషి ఒక అడుగో రెండడుగులో వేసి కుడికో ఎడమకో కదులుతాడు, కొన్నిసార్లు ఒక వైపు వెళ్తున్నట్టు చేసి మరో వైపు. ఆటగాడు దాన్ని చదివి అటే పరుగెత్తాలి. మొదటి రెండు పరీక్షలూ మేటి ఆటగాళ్ళని మిగతావాళ్ళ నుంచి విడదీయలేకపోయాయి. మూడోది విడదీసింది. 2008లో టిమ్ గాబెట్ బృందం రగ్బీ లీగ్ ఆటగాళ్ళలోనూ దాదాపు ఇదే చూసింది.

మన రైట్ బ్యాక్ ఓడింది కాళ్ళలో కాదు. వింగర్ భుజాన్ని నమ్మాడు, తుంటిని చూడలేదు. భుజం అబద్ధం చెబుతుంది, తల చెబుతుంది, కాలు కూడా బంతి మీదుగా తిరిగి చెబుతుంది. నడుము మాత్రం ఒళ్ళు ఎటు పోతే అటే పోవాలి. ల్యాడర్ మీద వాడు గడిపిన గంటలన్నీ కళ్ళు నేల మీద పెట్టి గడిపినవి. మ్యాచ్‌లో నేల వంక చూస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇదంతా తర్కం. నిజంగా ల్యాడర్ చేయించి చూసినవాళ్ళు లేరా? ఉన్నారు. స్పెయిన్‌కి చెందిన అలెక్సిస్ పాద్రోన్-కాబో, సహచరులు 2020లో ప్రచురించిన అధ్యయనం మన ప్రశ్నకి చాలా దగ్గరగా ఉంటుంది. పన్నెండేళ్ళ లోపు విభాగం ఫుట్‌బాల్ పిల్లల్ని రెండు గుంపులు చేశారు. రెండింటికీ మామూలు ఫుట్‌బాల్ సాధన ఉంది. ఒక గుంపుకి ఆరు వారాల పాటు ల్యాడర్ కలిపారు. ముందూ వెనకా పరుగు, కోన్ల మధ్య మలుపులు, బంతితో డ్రిబ్లింగ్ కొలిచారు. ల్యాడర్ చేసిన పిల్లలకి మామూలు సాధన పిల్లల మీద అదనంగా దక్కిందేమీ కనబడలేదు. గుంపులు చిన్నవి, మొత్తం ఇరవై మంది లోపే. ఒక్క అధ్యయనంతో తీర్పు రాయకూడదు. అయినా కోన్ల పరీక్షలోనే, అంటే ల్యాడర్‌కి బంధువైన పరీక్షలోనే, తేడా రాలేదంటే మ్యాచ్‌లో వస్తుందనుకోవడానికి ఆధారం ఇంకా సన్నగిల్లుతుంది.

మనస్తత్వ శాస్త్రంలో ఇది కొత్త సంగతి కాదు. 1901లోనే థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అన్న ఇద్దరు ఒక పనిలో వచ్చిన నైపుణ్యం మరో పనికి ఎంతవరకు బదిలీ అవుతుందో పరీక్షించారు. రెండు పనుల్లోనూ ఉమ్మడిగా ఏముందో అంతే బదిలీ అవుతుందని తేల్చారు. ల్యాడర్‌కీ మలుపుకీ ఉమ్మడిగా ఉన్నది కాళ్ళు ఉండటం, బూట్లు ఉండటం. కాస్త ఎగతాళిగా అంటున్నాను, కొంచెం లయ కూడా ఉంది.

మరి ఇన్నేళ్ళుగా ఇందరు కోచ్‌లు మోసపోయారా? మోసం కాదు, వాళ్ళకి మెరుగుదల నిజంగానే కనబడుతుంది. మొదటి వారం తడబడ్డ పిల్ల మూడో వారానికి ల్యాడర్‌ని సగం సమయంలో దాటుతుంది. అది ల్యాడర్ నేర్చుకోవడం. ఎక్కాలు వల్లించినవాడు ఎక్కాల పరీక్షలో నెగ్గినట్టు. రెండోది వయసు. మగపిల్లలు పద్నాలుగేళ్ళ చుట్టూ, ఆడపిల్లలు అంతకన్నా సుమారు రెండేళ్ళ ముందే ఎత్తు చర్రున పెరుగుతారు. మగపిల్లల్లో ఆ వెనకే కండ వస్తుంది. జూన్‌లో ల్యాడర్ మొదలుపెట్టి డిసెంబర్‌లో పరుగు సమయం కొలిస్తే ఎలాగూ తగ్గుతుంది, ఆర్నెల్లు కేవలం పప్పన్నం తిని నిద్రపోయినా కొంత తగ్గేది. ల్యాడర్ చెయ్యని పక్క సెక్షన్ పిల్లల్ని కూడా కొలిస్తే తప్ప ఈ ముడి విడదు. మూడోది స్టాప్‌వాచ్. పది మీటర్ల పరుగు రెండు సెకన్ల పని. వేలితో నొక్కే గడియారంలో ఒకటి రెండు పదోవంతుల తేడా మామూలే. కొన్ని వారాల సాధనతో వచ్చే మార్పు అంతకన్నా చిన్నది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టడం మేలు. సెకనుకి 240 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము సెకనులో వెయ్యో వంతులు సుమారు నాలుగు.

నాలుగోది క్రమశిక్షణ. వరసలో నిలబడ్డ ఇరవై మంది పిల్లలు చూడటానికి శిక్షణలా ఉంటారు. లెక్క వేద్దాం. పదిహేను నిమిషాలంటే 900 సెకన్లు. ఐదు సెకన్లకొకరు బయలుదేరితే 180 సార్లు, తలకి తొమ్మిది. ఒక్కోసారి నాలుగు సెకన్లు. పావుగంటలో ఒక్కో పిల్లవాడు కదిలింది 36 సెకన్లు, మిగతా పద్నాలుగు నిమిషాల పైచిలుకు ముందువాడి వీపు చూస్తూ గడిపాడు.

అలాగని నిచ్చెనని అటక ఎక్కించమనను. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి కుడి ఎడమలు, లయ, ఒంటికాలి మీద నిలకడ పట్టుబడటానికి అది సరదా వస్తువు. పెద్దవాళ్ళకి మూడు నాలుగు నిమిషాల వార్మప్‌గా చాలు, చెమట పడుతుంది, చీలమండలు వేడెక్కుతాయి. అక్కడితో సరి. ఫుట్‌బాల్ గాయాలు తగ్గించడానికి తయారైన ఫిఫా లెవెన్ ప్లస్ అన్న ఇరవై నిమిషాల వార్మప్‌లో ల్యాడర్ లేదు. దాని చివరి భాగంలో మైదానానికి అడ్డంగా పరుగు, ఎగిరి ఎగిరి వేసే అడుగులు, కాలు పక్కకి ఆనించి దిశ మార్చడం ఉన్నాయి. నార్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ళ ఆడపిల్లల మీద చేసిన పెద్ద పరీక్ష, 2008లో వచ్చింది, దాని వల్ల తీవ్రమైన గాయాలు తగ్గాయని చూపింది.

పావుగంటలో నాలుగు నిమిషాలు వార్మప్‌కి పోగా పదకొండు నిమిషాలు మిగిలాయి కదా, వాటిలో ఏం చెయ్యాలి? యంగ్, రోజర్స్ 2014లో పద్దెనిమిదేళ్ళ లోపు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ కుర్రాళ్ళని రెండు దారుల్లో నడిపారు. ఒక గుంపు ఏడు వారాల్లో పదకొండుసార్లు ముందే తెలిసిన మలుపులు సాధన చేసింది. రెండో గుంపు అన్నిసార్లే చిన్న మైదానంలో కొద్దిమందితో ఆట ఆడింది. ఎదుటి మనిషిని చదివి తిరిగే పరీక్షలో ఆట ఆడిన గుంపే మెరుగైంది, అదీ కాళ్ళ వేగం పెరిగి కాదు. ఎటు పోవాలో తేల్చుకునే సమయం తగ్గింది. అదే ఏడాది ట్యునీషియాకి చెందిన చౌవాచీ బృందం ఫుట్‌బాల్ ఆడే పద్నాలుగేళ్ళ పిల్లల్లో చూసినదీ దీనికి జోడీయే: మలుపులు సాధన చేసినవాళ్ళు మలుపుల్లో, చిన్న ఆటలు ఆడినవాళ్ళు స్పందనలో ముందుకెళ్ళారు.

హైదరాబాద్‌కి ఇది వింత కాదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానానికి తీసుకెళ్ళిన కోచ్ ఎస్.ఎ. రహీం బడి పంతులుగా పనిచేసినవాడే. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు నడిపించాడని చెబుతారు. బంతి అందగానే ఇచ్చెయ్యాలంటే అందకముందే తల ఎత్తి చూడాలి. నియమం మార్చి కళ్ళకి పని పెట్టాడు.

మన రైట్ బ్యాక్‌కి ఆ సీజన్ మిగతా భాగంలో చేయించినది ఇది. మొదటి రెండు వారాలు ఎదుటి మనిషి లేకుండానే. కోన్ దగ్గరికి మెల్లగా పరుగెత్తి, ముందు అడుగులో నడుము దించి, బయటి కాలు పక్కకి ఆనించి, 45 డిగ్రీలు తిరగడం. చూడాల్సింది ఒక్కటే: ఆనించిన కాలి మోకాలు లోపలికి కూలుతోందా, పాదం వేళ్ళ దిశలోనే ఉందా. ఈ మెట్టు దాటెయ్యకూడదు. ముందు తెలియకుండా తిరిగినప్పుడు మోకాలి మీద మెలిపెట్టే భారం, తెలిసి తిరిగినప్పటి కన్నా చాలా ఎక్కువని బెసియర్ బృందం 2001లోనే కొలిచింది. ఆడపిల్లల జట్టయితే ఇక్కడ ఇంకో వారం ఉండటం మంచిది, ఆ వయసులో మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదం వాళ్ళకే ఎక్కువ.

తర్వాత కోన్లతో పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు పెట్టె గీశాం. అవతలి గీత మీద రెండు మూలల్లో రెండు చిన్న గేట్లు. ఇటు నుంచి ఒకడు బయలుదేరి ఏదో ఒక గేటులోంచి పోవాలి, అటు నుంచి మనవాడు ఎదురొచ్చి ముట్టుకోవాలి. మొదట బంతి లేదు. ఐదు సెకన్లలో తేలిపోతుంది, తర్వాత అర నిమిషం పైగా విశ్రాంతి, పాత్రలు మార్చి మళ్ళీ. అలాంటి పెట్టెలు ఐదు పెడితే ఇరవై మందికి సరిపోతాయి. తలకి పది సార్లు చాలు. అలసటతో కాళ్ళు ఈడుస్తున్నారంటే అది ఇక అజిలిటీ సాధన కాదు, ఆపెయ్యాలి. నాలుగో వారంలో బంతి వచ్చింది, ఆ తర్వాత ఇద్దరి మీద ఇద్దరు.

మొదటి రోజు మనవాడు పదిలో ఏడుసార్లు భుజానికి మోసపోయాడు. సారు గట్టు మీద నిలబడి, "నడుము చూడరా, నడుము!" అని అరిచాడు. ఆ రోజు ల్యాడర్ ఆయన పక్కనే చుట్టచుట్టి ఉంది. ఒకటో తరగతి పిల్లలిద్దరు దాన్ని విప్పి, బిళ్ళ వేసి ఆడుకుంటున్నారు.